స.హ. చట్టం నాకు ఒంటబట్టింది ఒక సీసీ రోడ్డు దరఖాస్తుతో

గ్రూప్-2 ప్రిపరేషన్ మొదటి ఏడాదిలో సమాచార హక్కు చట్టం అంటే నాకు అంకెల పట్టికే. 30 రోజులు, 48 గంటలు, 45 రోజులు, 90 రోజులు, రోజుకు 250 రూపాయలు. రాత్రి బట్టీ పడితే పొద్దున్నకి అన్నీ కలగలిసిపోయేవి. ఒక మాక్ టెస్టులో రెండో అప్పీలు గడువు 30 రోజులని పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. ఆ వారం ఇంటికి వెళ్తే, వేసిన ఆరు నెలలకే పెచ్చులూడిన మా వీధి సీసీ రోడ్డు కనిపించింది. దీని మీద నేనే ఒక దరఖాస్తు పెడితే పోలా అనిపించింది.

మొదటి చిత్తుప్రతి ఇలా రాశాను: ‘రోడ్డు ఇంత త్వరగా ఎందుకు పాడైంది? బాధ్యుల మీద చర్య ఎందుకు తీసుకోలేదు?’ జూనియర్ అసిస్టెంటుగా చేస్తున్న మా సీనియర్ అన్న చూసి నవ్వాడు. "ఒరేయ్, ఇది అర్జీ. ఆర్టీఐ కాదు. ఫైల్లో లేని జవాబును ఆఫీసులో సమాచారమిచ్చే అధికారి, అంటే పీఐవో, ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు?"

సెక్షన్ 2(ఎఫ్) నాకు అప్పుడు అర్థమైంది. ఆఫీసు దగ్గర ఏదో ఒక రూపంలో ఉన్న రికార్డే సమాచారం. ఎవరైనా నోట్‌ఫైల్లో అభిప్రాయం రాసి ఉంటే అది అడగొచ్చు. రాయని అభిప్రాయాన్ని ఇప్పుడు కొత్తగా రాసిమ్మనలేం. 2010లో ఖానాపురం గాండయ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. జడ్జి ఆ తీర్పు ఎందుకిచ్చారో ఆర్టీఐ కింద అడగడం కుదరదని, తీర్పు నచ్చకపోతే అప్పీలుకు వెళ్లాలని తేల్చింది. ‘ఎందుకు’ అని మొదలయ్యే ప్రశ్న స్టేట్‌మెంట్ బిట్‌లో కనిపిస్తే ఈ కేసు గుర్తు తెచ్చుకోండి.

మళ్లీ రాశాను. పని పేరు, సంవత్సరం వేసి నాలుగే అడిగాను. ఎస్టిమేట్, పని కొలతలు రాసే ఎం.బుక్‌లో ఆ పనికి చెందిన పేజీలు, ఫైనల్ బిల్లు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, అన్నిటికీ ధ్రువీకరించిన కాపీలు. మండల స్థాయి ఆఫీసు కాబట్టి మన రాష్ట్ర నిబంధనల ప్రకారం ఫీజు 5 రూపాయలు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, ఆ పైస్థాయి ఆఫీసుల్లో 10. కేంద్ర ఆఫీసులకూ 10 రూపాయలే. తపాల్ తీసుకునే ఆయన "ఇవన్నీ నీకెందుకు బాబూ?" అన్నాడు. కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది. నేను అది అప్పజెప్పలేదు, నవ్వి రసీదు అడిగాను. ఆ రసీదు మీది తేదీ లేకపోతే తర్వాతి లెక్కలన్నీ గాలిలో కట్టిన మేడలే.

లెక్క అసలు ఇక్కడుంది. దరఖాస్తు అందింది జూన్ 3న. 30 రోజులంటే జూలై 3. కానీ జూన్ 21న ఒక ఉత్తరం పంపారు: 46 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 92 రూపాయలు కట్టమని. నేను కట్టింది జూన్ 28న. సెక్షన్ 7(3) ప్రకారం ఉత్తరం పంపిన రోజు నుంచి డబ్బు కట్టిన రోజు వరకు పట్టిన ఆ 7 రోజులు లెక్కలోకి రావు. అంటే గడువు జూలై 10కి జరిగింది. కాపీలు 8న చేతికొచ్చాయి. గడువు దాటి ఉంటే 7(6) కింద ఆ 92 రూపాయలు అడిగే హక్కు వాళ్లకు ఉండేది కాదు. ఈ రెండు సబ్‌సెక్షన్లనీ నేను పుస్తకంలో కనీసం పదిసార్లు చదివాను. తేదీలు వేసి చూసుకునేదాకా బుర్రకెక్కలేదు.

కాపీలు తిరగేస్తుంటే బిల్లులో ఒకచోట తెల్లకాగితం ముక్క అడ్డం పెట్టి జెరాక్స్ తీసినట్టు కనిపించింది. అది కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా నంబరు. సెక్షన్ 10 అంటే ఇదే. ఒక కాగితంలో ఇవ్వకూడని భాగం ఉందని మొత్తం కాగితాన్ని ఆపకూడదు, ఆ ముక్క తీసేసి మిగతాది ఇవ్వాలి. అయితే ఎందుకు తీసేశారో, ఆ నిర్ణయం ఎవరిదో కూడా రాసివ్వాలి. నాకొచ్చిన కవరింగ్ లెటర్లో అది లేదు. ఖాతా నంబరుతో నాకు పని లేదు గనక వదిలేశాను.

వదలనిది నాలుగో అంశం. ‘విచారణ జరుగుతున్నందున 8(1)(హెచ్) కింద క్వాలిటీ రిపోర్టు ఇవ్వలేము’ అని ఒక్క వాక్యం. ఎగ్జామినర్లు ఇష్టంగా వాడే ఉచ్చు ఇది. విచారణ జరుగుతోంది అన్నంత మాత్రాన మినహాయింపు రాదు. సమాచారం ఇస్తే ఆ విచారణకు, అరెస్టుకు లేదా ప్రాసిక్యూషన్‌కు ఆటంకం కలుగుతుందని చూపించాలి. 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. జవాబు అందిన 30 రోజుల్లోపు, అదే శాఖలో పీఐవో పైఅధికారికి మొదటి అప్పీలు పెట్టాను. ఆ రిపోర్టు ఇస్తే విచారణ ఎలా ఆగుతుందో ఒక్క ముక్క కూడా రాయలేదని, నిరాకరణ సరైనదేనని నిరూపించాల్సింది సెక్షన్ 19(5) ప్రకారం పీఐవోనేనని రాశాను. మూడు వారాలకు ఒక పేజీ రిపోర్టు వచ్చింది. అక్కడా ఇవ్వకపోతే అప్పుడు 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మాక్ టెస్టులో నేను తప్పు పెట్టిన బిట్ అదే.

పాత మెటీరియల్ చదివేవాళ్లకు ఒక జాగ్రత్త. వ్యక్తిగత సమాచారం గురించిన 8(1)(జె) మారింది. అంతకుముందు, ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదో, అకారణంగా ఒకరి ఆంతరంగికతలోకి చొరబడేదో అయితేనే ఆపేవాళ్లు. పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదనే మాట కూడా ఉండేది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లోని సెక్షన్ 44(3) ఆ షరతులన్నిటినీ ఎత్తేసి ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది’ అని మాత్రమే మిగిల్చింది. 2025 నవంబరు నుంచి అమల్లో ఉంది. నా దృష్టిలో ఇది పెద్ద దెబ్బే. రేపు ఎం.బుక్‌లో సంతకం ఎవరిదని అడిగినా ఈ క్లాజు చూపించే ప్రమాదం ఉంది. సెక్షన్ 8(2) మాత్రం మిగిలే ఉంది: ప్రజాప్రయోజనం నష్టం కన్నా ఎక్కువని ఆఫీసు భావిస్తే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చు. మెయిన్స్‌లో ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి రాయండి.

చివరిగా మన సొంత గొడవ, ఆన్సర్ షీట్లు. 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో అభ్యర్థి తన జవాబు పత్రాన్ని చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు అంది సుప్రీంకోర్టు. నమ్మకంతో దాచిన సమాచారమనే 8(1)(ఈ) వాదన అభ్యర్థి సొంత పేపరుకు చెల్లదంది. దిద్దినవాళ్ల పేర్లు మాత్రం వాళ్ల భద్రత దృష్ట్యా 8(1)(జి) కింద ఇవ్వరు. 2018లో యూపీఎస్సీ, అంగేశ్ కుమార్ కేసులో సివిల్స్ ప్రిలిమ్స్ రా మార్కులు, స్కేలింగ్ వివరాలు యాంత్రికంగా ఇవ్వమనలేమంది. కోచింగ్‌లో మొదటి తీర్పు ఒక్కటే చెప్పి వదిలేస్తున్నారు. బిట్‌లో ‘సివిల్ సర్వీసెస్’ అన్న మాట ఉంటే మాత్రం ఆగి రెండోది చూసుకోండి.