చెయ్యి ఒక రంగు, ముఖం ఒక రంగు

“పిన్నీ, నీ ఫోన్‌లో వద్దు, నా దాంట్లో తియ్యి. నీ దాంట్లో నల్లగా పడుతున్నా.” ఇవాళ పెళ్లిలో మా అక్క కూతురి మాట ఇది. చదివేది తొమ్మిదో తరగతి.

తన ఫోన్‌లోనే తీశాను. చెంప కింద చెయ్యి పెట్టుకుని నవ్వింది. ఫొటోలో ముఖం తెల్లగా ఉంది, చెయ్యి మాత్రం తన అసలు చామనఛాయలోనే ఉంది. పై పెదవి మీది పుట్టుమచ్చ మాయం.

సెట్టింగ్స్ తెరిస్తే ‘బ్యూటీ’ ఆన్‌లో ఉంది. ఆ పిల్ల పెట్టింది కాదు, ఫోన్ కొన్నప్పటి నుంచీ అంతేనట. కెమెరా ముఖాన్ని గుర్తుపట్టి, ఆ మేరకే చర్మాన్ని నునుపు చేసి రంగు తేల్చేస్తుంది. చేతుల జోలికి పోదు. అక్కడే దొరికిపోతుంది.

2017లో ఫేస్‌యాప్ అనే ఫొటోలు మార్చే యాప్‌లో ‘హాట్’ అనే ఫిల్టర్ నల్లజాతి వాళ్ల ముఖాలను తెల్లగా మార్చేసింది. గొడవయ్యాక, సాఫ్ట్‌వేర్‌కు నేర్పడానికి వాడిన ఫొటోల్లోనే పక్షపాతం ఉందని కంపెనీ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 2020లో గూగుల్, తన పిక్సెల్ 4ఎ ఫోన్ నుంచి సెల్ఫీల్లో ముఖానికి మెరుగులు దిద్దే సెట్టింగ్‌ను ఆఫ్‌లో ఉంచే అమ్మడం మొదలుపెట్టింది. మిగతా కంపెనీలకు ఇదేమంత కష్టం? నాకైతే కోపమే వస్తోంది.

బ్యూటీ ఆపేసి ఇంకో ఫొటో తీశాను. ఎంత కళగా ఉందో! అది చూసి తను, “ఇది నాలా లేదు పిన్నీ” అంది.

రోజూ చూసేది ఆ తెల్ల ముఖాన్నే కదా, అదే తనదనుకుంటోంది. అక్కతో మాట్లాడాను. రేపు ఇంట్లో పిల్లలందరి ఫోన్లూ తీసుకుని, వాళ్ల ముందే ఆ సెట్టింగ్ ఆపేస్తాం.