ఆధారానికీ నిర్ధారణకూ మధ్య

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కు సిద్ధమవుతున్న చెల్లెలు ఈ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక తన ప్రశ్నల పుస్తకం తీసుకుని నా దగ్గరకు వచ్చింది. వాదనను బలపరిచేది ఏది, బలహీనపరిచేది ఏది అని అడిగే ప్రశ్నల్లో చివరికి రెండు ఆప్షన్లు మిగులుతున్నాయనీ, ఆ రెండింటిలో ఏది ఎందుకు సరైనదో తేలడం లేదనీ చెప్పింది. పుస్తకంలోని ప్రశ్నలకు జవాబులు అప్పటికే చూసేసింది కనుక, మనకు తెలిసిన వ్యవసాయం మీద నేనే ఒక ప్రశ్న రాసి ఇచ్చాను.

ఒక మండలంలో బిందు సేద్యం అమర్చుకున్న మిర్చి రైతులకు నిరుడు ఎకరాకు సగటున 24 క్వింటాళ్ల దిగుబడి వచ్చింది. అక్కడే కాలవ నీరు పారించే రైతులకు 18 క్వింటాళ్లే వచ్చింది. కాబట్టి ఈ తేడాకు బిందు సేద్యమే కారణం. కింది వాటిలో ఏది నిజమైతే ఈ వాదన ఎక్కువగా బలహీనపడుతుంది?

మొదటి ఆప్షన్‌లో పరికరాల ఖర్చు ఎక్కువని రాశాను. రెండో దానిలో పక్క జిల్లాలో కొందరు రైతులు కాలవ నీటితోనే 24 క్వింటాళ్లు పండించారని, మూడో దానిలో బిందు సేద్యం ఉన్న రైతుల్లో అత్యధికులకు అది అమర్చుకోక ముందు కూడా మిగిలినవారి కంటే ఎకరాకు ఆరు క్వింటాళ్లు ఎక్కువే వచ్చేదని రాశాను.

ఆమె రెండోదాన్ని ఎంచుకుంది. "అది లేకుండానే అంత పంట వచ్చిందంటే, కారణం అది కాదనే కదా అక్కా?" అని అడిగింది. చాలామంది పడేది ఇక్కడే. బిందు సేద్యం లేకపోతే 24 క్వింటాళ్లు రావని వాదన ఎక్కడా అనలేదు. ఈ మండలంలో ఈ రెండు వర్గాల మధ్య కనిపించిన తేడా దాని వల్లే వచ్చిందని మాత్రమే అన్నది. పక్క జిల్లా నేల వేరు కావచ్చు, విత్తనం వేరు కావచ్చు. అక్కడి పంట ఇక్కడి తేడాను వివరించదు. మూడో ఆప్షన్ అలా కాదు. 24, 18 అనే అంకెలను అది కాదనదు, వాటిని అలాగే ఉంచి, ఆ తేడా పాతదేనని చూపించి, అంకెల నుంచి కారణానికి వేసిన లంకెను తెంపుతుంది. బహుశా మంచి నేల, సొంత బోరు ఉన్నవారే ముందుగా బిందు సేద్యానికి వెళ్ళి ఉంటారు. దీనితో బిందు సేద్యం పనికిరాదని రుజువు కాదు, ప్రశ్న అంత అడగలేదు కూడా. నిర్ధారణ మీద నమ్మకం తగ్గితే చాలు.

"నిజమైతే" అన్న మాట దగ్గర కూడా కొంతసేపు ఆగాము. పాత దిగుబడి లెక్కలు ఎవరు రాశారని ఆమెకు సందేహం వచ్చింది. ఆప్షన్ నిజమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. దాన్ని నిజమని ఒప్పుకున్నాక లంకెకు ఏమవుతుందో చూడడమే మన పని.

తరువాత అదే వాదనను బలపరిచే వాక్యం ఒకటి రాశాను: "బిందు సేద్యం ఉన్న రైతులు మిగిలినవారి కంటే ఎక్కువ ఎరువు వాడలేదు." బిందు సేద్యం గురించి మంచి మాట ఒక్కటీ లేదని ఆమె దీన్ని పక్కన పెట్టబోయింది. నిజానికి ఈ రకం ఆప్షన్లే నాకు చాలా ఇష్టం. తేడాకు ఎరువు కారణం కావచ్చునన్న దారిని ఇది మూసేస్తుంది, అందువల్ల వాదన ఆ మేరకు గట్టిపడుతుంది. విత్తనం, నేల అనే దారులు ఇంకా తెరిచే ఉన్నా ఫర్వాలేదు. దీనికి బదులు "బిందు సేద్యంతో నీరు ఆదా అవుతుంది" అని ఉంటే అది నిజమే అయినా, దిగుబడి తేడాకు కారణమేమిటో చెప్పదు కనుక పనికిరాదు.

చివరగా ఆధారాన్ని కదపకుండా నిర్ధారణను మాత్రం మార్చాను: "కాబట్టి మిగిలిన రైతులు కూడా బిందు సేద్యానికి మారితే వారి లాభం పెరుగుతుంది." ఇందాక పక్కకు నెట్టేసిన ఖర్చు ఆప్షన్ ఇప్పుడు లెక్కలోకి వచ్చింది, ఎందుకంటే దిగుబడి నుంచి లాభానికి వెళ్ళాలంటే ఖర్చును దాటాలి. అయితే "ఖర్చు ఎక్కువ" అన్నంత మాత్రాన సరిపోదనీ, ఆరు క్వింటాళ్ల అదనపు పంట విలువ కంటే ఏటా పడే ఖర్చు ఎక్కువైతేనే లంకె గట్టిగా దెబ్బతింటుందనీ ఆమే చెప్పింది. ఆ వెంటనే, కాలవ నీరు ఆపేశాక మిగిలిన రైతులకు వేరే నీటి వసతే లేదన్న ఆప్షన్ ఉంటే అది ఇంకా బలమైనదా అని అడిగింది. పంట చివరి తడుల నాటికే కాలవ నీరు ఆపేస్తే అవును, పంట చేతికొచ్చాక ఆపేస్తే దానితో పని లేదు.