సీఏ ఇంటర్: ఎగ్జెంప్షన్ చేతిలో ఉంటే మిగతా పేపర్లలో ఎన్ని రావాలి?

ఇంటర్ గ్రూప్ 1 పోయి, ఒక పేపర్లో ఎగ్జెంప్షన్ వచ్చి, మళ్లీ రాయబోతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా మార్క్ షీట్‌తోనే లెక్క చెబుతాను. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ 38, లా 45, టాక్సేషన్ 64, మొత్తం 147. గ్రూప్ పాస్ కావాలంటే ప్రతి పేపర్లో 40, మొత్తం 300కి 150 ఉండాలి. అకౌంట్స్‌లో ఇంకో మూడు మార్కులు వచ్చి ఉంటే రెండు షరతులూ ఒకేసారి తీరిపోయేవి.

60 దాటింది కాబట్టి టాక్స్‌కి ఎగ్జెంప్షన్ వచ్చింది. గ్రూప్‌లోని మూడు పేపర్లూ రాసిన వాళ్లకే ఇది దక్కుతుంది. అకౌంట్స్ చెడిపోయిందని మధ్యలో మానేస్తే, మరో పేపర్లో 70 వచ్చినా ఎగ్జెంప్షన్ రాదు. ఎంత కష్టంగా ఉన్నా వెళ్లి రాసి రండి. ఇంకో సంగతి, లాలో వచ్చిన 45 మాత్రం తర్వాతి అటెంప్ట్‌కి రాదు. 40 దాటితే పేపర్ గట్టెక్కినట్టే అనుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. మనతో వచ్చేది 60 గానీ ఆపైన గానీ వచ్చిన పేపర్ ఒక్కటే.

ఆ 64 అలాగే అగ్రిగేట్‌లో కలుస్తుంది. 150లోంచి 64 తీసేస్తే 86. అకౌంట్స్, లా రెండూ కలిపి 86 తేవాలి, ఏదీ 40కి తగ్గకూడదు. అంటే లాలో 46 వస్తే అకౌంట్స్‌లో 40 చాలు. మరి లాలో 55 వస్తే? అప్పుడూ అకౌంట్స్‌లో 40 రావాల్సిందే. లాలో 46 దాటాక వచ్చే ఒక్కో మార్కూ అకౌంట్స్ భారాన్ని ఏమాత్రం తగ్గించదు. నా ప్రిపరేషన్ మొత్తం మారింది ఇక్కడే. అప్పటిదాకా బాగా వస్తుందని లా మీదే ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి. ఈ లెక్క వేశాక ఉదయం పూట అంతా అకౌంట్స్‌కి ఇచ్చి, లాని సాయంత్రం రివిజన్‌కి మార్చాను. అకౌంట్స్‌లో 46 తెచ్చుకోగలిగితే లాలో 40తోనే బయటపడవచ్చు. నాకు ప్రమాదం అంతా 40 దగ్గరే ఉంది కాబట్టి బలం కూడా అక్కడే పెట్టాలి.

మీ ఎగ్జెంప్షన్ మార్కు 70 గానీ ఆపైన గానీ అయితే అగ్రిగేట్ గురించి ఆలోచించనక్కర్లేదు. 72 ఉంటే మిగిలేది 78, రెండు పేపర్లలో 40 చొప్పున వస్తేనే 80 అవుతుంది. రెండు ఎగ్జెంప్షన్లు ఉన్నవాళ్లకీ అంతే. కనీసం 120 చేతిలో ఉంటుంది కాబట్టి మూడో పేపర్లో 40 వస్తే చాలు. అగ్రిగేట్ లెక్క ఇబ్బంది పెట్టేది 60 నుంచి 69 మధ్య ఒకే ఎగ్జెంప్షన్ ఉన్నవాళ్లనే.

గ్రూప్ 2 కూడా కలిపి రాయాలా అన్నది తర్వాతి ప్రశ్న. రెండూ కలిపితే 600కి 300 కావాలి. నా 64 పోను ఐదు పేపర్లలో 236. విడివిడిగా చూసినా 86, 150 కలిపితే అదే 236. కలిపి రాస్తే ఒక గ్రూప్‌లో మిగిలిన మార్కులు రెండో గ్రూప్ లోటుని పూడుస్తాయి, దాన్నే మనం సెట్ ఆఫ్ అంటాం. గ్రూప్ 1లో 40, 44, 64 వచ్చి 148 దగ్గర ఆగిపోయినా, గ్రూప్ 2లో 48, 55, 51 వస్తే మొత్తం 302, రెండు గ్రూపులూ పాస్. అయితే ఆ 48 వచ్చిన కాస్టింగ్‌లో 39 వచ్చిందనుకోండి, సెట్ ఆఫ్ ఉండదు. గ్రూప్ 2 పోతుంది, 148తో గ్రూప్ 1 కూడా పోతుంది. కాస్టింగ్ టెస్టుల్లో నాకు 40 నిలకడగా రావడం లేదు. అందుకే గ్రూప్ 1 ఒక్కటే రాశాను. గ్రూప్ 2 మూడు పేపర్లలోనూ 45 పైన నిలకడగా వస్తుంటే మాత్రం కలిపి రాయడమే మంచిదని నా అభిప్రాయం.

వాయిదా వేసే ముందు గడువు చూసుకోండి. ఎగ్జెంప్షన్ మామూలుగా వెంటనే వచ్చే మూడు పరీక్షలకే చెల్లుతుంది. ఇప్పుడు ఇంటర్ జనవరి, మే, సెప్టెంబరుల్లో జరుగుతోంది కాబట్టి మూడు అటెంప్టులంటే ఏడాదే. రాయకుండా వదిలేసిన అటెంప్ట్ కూడా అందులో లెక్కకొస్తుంది.

అకౌంట్స్ రాసి ఇంటికి వచ్చాక మళ్లీ లెక్క వేశాను. ఎంసీక్యూల్లో కచ్చితంగా తెలిసినవి, పూర్తి చేసిన ప్రశ్నలు మాత్రమే కూడితే 50 వచ్చింది. వర్కింగ్ నోట్స్‌లో పోయేవాటికి ఆరు తీసేసి 44 అనుకున్నాను. అంటే లాలో 42 కావాలి. నేను మాత్రం 50 లక్ష్యంగానే చదివాను. అంచనా తప్పి అకౌంట్స్ 40 దగ్గర ఆగితే లాలో 46 కావాలి కదా. చివరికి అకౌంట్స్ 47, లా 49 వచ్చాయి. టాక్స్ 64తో కలిపి 160.