పన్నెండో సెకను దగ్గర వెళ్లిపోతున్నవాళ్ల కోసం స్క్రిప్టు తిరగరాశాను

సైన్సు విషయాలు వివరించే వీడియోలు చేస్తుంటాను. రాసేది, గొంతు ఇచ్చేది, ఎడిట్ చేసేది నేనే. "రాత్రంతా ఛార్జింగ్ పెడితే ఫోన్ బ్యాటరీ పాడవుతుందా?" అన్న వీడియో స్క్రిప్టుకి రెండు వారాలు పట్టింది. నిడివి 8 నిమిషాల 20 సెకన్లు. అంత ఇష్టపడి రాసింది ఈ మధ్య మరొకటి లేదు. నాలుగు రోజులయ్యాక యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ తెరిచి చూస్తే 30వ సెకనుకి 41 శాతం మందే మిగిలారు. చాలా బాధేసింది.

నాలుగు రోజులు ఆగడానికి కారణం ఉంది. ఆ లెక్కలు రావడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. పైగా వ్యూస్ యాభై దగ్గర ఉన్నప్పుడు ఒక్కరు లేచి వెళ్లినా గీత రెండు శాతం పడిపోతుంది. దాన్ని చూసి స్క్రిప్టు మార్చడం మొదలుపెడితే ఎవరికో ఫోన్ కాల్ వచ్చినందుకు నేను వాక్యం కొట్టేసినట్టు అవుతుంది. అందుకే కొన్ని వందల వ్యూస్ వచ్చేదాకా గ్రాఫ్ జోలికి వెళ్లను.

ముందుగా స్క్రిప్టుని ప్రింట్ తీసుకున్నాను. ప్రతి వాక్యం పక్కన అది వీడియోలో ఏ సెకనుకి మొదలవుతుందో రాశాను. గ్రాఫ్ మీద కర్సర్ పెట్టి జరుపుతుంటే ఏ క్షణానికి ఎంత శాతం మంది ఉన్నారో కనిపిస్తుంది. ఆ అంకెల్నీ వాక్యాల పక్కన రాసుకున్నాను. గంట పైనే పట్టింది కానీ, అప్పటిదాకా ఒక గీతగా కనిపించింది నా వాక్యాల మీద వాలిన తీర్పులా మారింది.

పెద్ద జారుడు పన్నెండో సెకను నుంచి ఇరవై దాకా ఉంది. మొదటి అనుమానం నా పలకరింపు మీదకి పోయింది. "నమస్కారం, ఛానెల్‌కి స్వాగతం" అంటూ తొమ్మిది సెకన్లు నడుస్తుంది. కత్తిరించేద్దాం అనుకుంటుండగా గ్రాఫ్ వెనకున్న బూడిద రంగు పట్టీ కంట్లో పడింది. ఇంచుమించు ఇదే నిడివి ఉన్న నా పాత వీడియోలు మామూలుగా ఎలా నిలబడ్డాయో ఆ పట్టీ చూపిస్తుంది. ఆ వీడియోలన్నిటిలోనూ ఇదే పలకరింపు ఉంది. వాటిలో ఇక్కడ ఇంత జారుడు లేదు. అంటే దోషం పలకరింపుది కాదు, దాని తర్వాతి వాక్యానిది. అది ఇది: "దీనికి జవాబు తెలియాలంటే ముందు మనం 1991కి వెళ్లాలి."

1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చిన కథ, 2019లో ఆ బ్యాటరీల పరిశోధనకు నోబెల్ దక్కిన సంగతి అక్కడ చెప్పాను. నాకు అవి ప్రాణం. వచ్చినవాళ్లు మాత్రం పడుకునే ముందు ఫోన్‌ని ఛార్జర్‌కి తగిలించాలా వద్దా అని అడగడానికి వచ్చారు.

గ్రాఫ్‌లో ఇంకో చోటు ఉంది. దాన్ని చాలామంది తప్పుగా చదువుతారు, నేనూ చాలాకాలం అలాగే చదివాను. 1:10 నుంచి 3:00 దాకా, ఆ చరిత్ర నడిచినంతసేపూ, గీత లోయలా దిగి, మళ్లీ పైకి లేచింది. వెళ్లిపోయినవాళ్లు తిరిగి రారు కదా, మరి గీత ఎలా లేచింది? ఒక్కో క్షణాన్ని ఎన్నిసార్లు చూశారో మొత్తం వ్యూస్‌తో పోల్చి చూపించేదే ఈ గ్రాఫ్. కాబట్టి పడిన గీత తిరిగి లేవలేదంటే అక్కడ జనం వెళ్లిపోయారు. లోయలా దిగి లేచిందంటే ఆ ముక్కని దాటేసి ముందుకు దూకారు. చివరికి ఎక్కడ ఆగారో కూడా తెలిసింది: 5:05 దగ్గర గీత చిన్న కొండలా ఉంది. స్క్రిప్టులో నేను అసలు జవాబు మొదలుపెట్టింది సరిగ్గా అక్కడే. వాళ్లు నా స్క్రిప్టుని తమ వేళ్లతో ఎడిట్ చేసి చూపించారు.

కొత్తవాళ్లని, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లని విడదీసి చూస్తే విషయం ఇంకా తేటపడింది. పాతవాళ్ల గీత 1991 దగ్గర కాస్తే తగ్గింది. ఎప్పటికైనా జవాబు చెబుతానని వాళ్లకి నమ్మకం ఉంది. ఆ ప్రశ్నే వెతుక్కుంటూ వచ్చిన కొత్తవాళ్లకి నా మీద అలాంటి నమ్మకం ఉండాల్సిన పని లేదు.

అయినా జవాబుని ముందుకు తేవడానికి భయపడ్డాను. చెప్పేస్తే ఇంకెందుకు ఉంటారు? అందుకని రెండో ప్రతిలో చరిత్ర తీసేసి, "జవాబు వింటే ఆశ్చర్యపోతారు, చివరిదాకా చూడండి" అని రాశాను. రికార్డు చేసి మా చెల్లి చేతికి ఫోన్ ఇచ్చాను. ఏమీ చెప్పలేదు, తన బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను. "చివరిదాకా" అన్న మాట వినపడగానే వేలు స్క్రీన్ కుడివైపుకి వెళ్లింది. రెండుసార్లు తట్టింది. ఆగి, మళ్లీ రెండుసార్లు.

"ఏమైందే?" అన్నాను.

"టైటిల్లో అడిగింది ఎప్పుడు చెప్తావ్ అన్నయ్యా? దానికోసమే వెతుకుతున్నా."

గ్రాఫ్ ఎక్కడ పోతున్నారో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ ఎందుకు అన్నది నాకు ఆ వేలు చెప్పింది.

మూడో ప్రతి ఇలా మొదలైంది: "రాత్రంతా ఛార్జర్‌కి ఉంచినా ఫోన్ ఓవర్‌ఛార్జ్ కాదు. నిండగానే ఫోనే ఛార్జింగ్ ఆపేస్తుంది. అయినా బ్యాటరీ త్వరగా అరిగే అవకాశం ఉంది. ఎందుకంటే నిండిన బ్యాటరీ గంటల తరబడి వేడిలో ఉండటం దానికి మంచిది కాదు. మీ ఫోన్ రాత్రి ఎక్కడ పెడుతున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి." జవాబు దాచలేదు. కానీ "ఓవర్‌ఛార్జ్ కాదు" అన్న వెంటనే "అయినా అరిగే అవకాశం ఉంది" రావడంతో, వేడి బ్యాటరీని ఎలా అరగదీస్తుంది అన్న ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్నే వినేవాళ్లని తర్వాతి నిమిషంలోకి తీసుకెళ్లాలి. దిండు కింద పెట్టిన ఫోన్ ఉదాహరణ మొదట ఆరో నిమిషంలో ఉండేది, దాన్ని ముప్పయ్యో సెకనుకి తెచ్చాను. 110 సెకన్ల చరిత్రని 25 సెకన్లకి కుదించి, బ్యాటరీ లోపల ఏం జరుగుతుందో చెప్పాక పెట్టాను. నోబెల్ ముక్క కొట్టేస్తున్నప్పుడు చెయ్యి రాలేదు, కానీ కొట్టేశాను.

అప్‌లోడ్ అయిన వీడియో స్థానంలో అదే లింకుతో కొత్త ఫైలు పెట్టడం కుదరదు కాబట్టి, పాతదాన్ని పక్కన పెట్టి కొత్తగా వేశాను. పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాను. రెండింటికీ వ్యూస్ ఇంచుమించు సమానంగా వచ్చేదాకా ఆగి, సెర్చ్ నుంచి వచ్చినవాళ్లని మాత్రమే చూశాను. ఎవరో వాట్సాప్‌లో పంపితే వచ్చినవాళ్లు, ప్రశ్న పట్టుకుని వచ్చినవాళ్లు ఒకేలా చూడరు. ఇద్దర్నీ కలిపి లెక్కిస్తే స్క్రిప్టు బాగుపడిందో, జనం మారారో తెలియదు.

సెర్చ్ నుంచి వచ్చినవాళ్లలో 30వ సెకనుకి పాతదానిలో 38 శాతం ఉంటే, కొత్తదానిలో 63 శాతం ఉన్నారు. జవాబు వినేసి వెళ్లిపోయేవాళ్లు లేకపోలేదు. పదిహేనో సెకను దగ్గర ఓ చిన్న మెట్టు కనిపిస్తోంది, అది వాళ్లే. వాళ్లకి కావలసింది దొరికింది కాబట్టి ఆ మెట్టుని అలాగే వదిలేస్తున్నాను.

ఇప్పుడు నన్ను పట్టుకున్నది 1:48. అక్కడ గీత మెల్లగా వంగి మళ్లీ లేవడం లేదు. ప్రింట్‌లో ఆ సెకను కంటే కాస్త ముందు నుంచి చదువుకుంటూ వస్తే, ఒకే వాక్యంలో వోల్టేజీ అంకెలు మూడు వరసగా ఉన్నాయి. అందులో రెండు కొట్టేసి, మళ్లీ పైకి చదివి చూస్తున్నాను.