మగ్గం వీడియో: పాదాల పొర ఎందుకు వెనకబడుతోంది

కాలు తొక్కకముందే పేక నూలు మోసే నాడె దూసుకుపోతోంది. పాటూరులో మా మామగారి గుంట మగ్గం మీద తీసిన వీడియో ఈసారి పూర్తయిందనుకుని ఎక్స్‌పోర్ట్ చేసి పంపితే, ఆయన మొదటి రెండు నిమిషాలు ముచ్చటగా చూసి, తర్వాత ఫోన్ చేసి అడిగిన మాట ఒక్కటే: "ఏంది అల్లుడూ, నా కాలు మగ్గం మాట వినడం లేదే?" నేత తెలియనివారికి పట్టని తేడా అది. నేసేవారికి మాత్రం క్షణంలో దొరికిపోతుంది. ముందు కాలితో కర్ర తొక్కాలి, పడుగు రెండు పాయలుగా విడిపోవాలి, ఆ సందులోంచి నాడె వెళ్ళాలి, ఆ తర్వాతే పలక వచ్చి పేకను కొట్టాలి. నా వీడియోలో నాలుగో నిమిషం దాటాక ఈ వరుస తలకిందులవుతోంది.

నేను వాడే వీడియో ఎడిటింగ్ యాప్ క్యాప్‌కట్ మీద భారతదేశంలో 2020 నుంచి నిషేధం ఉంది కనుక, ఊరిలో తీసిన ఫుటేజీని కువైట్‌లోని నా ఫోన్‌లోనే ఎడిట్ చేస్తున్నాను. మా బావమరిది రెండు ఫోన్లతో ఒకేసారి రికార్డు చేశాడు. ఒకటి కిటికీ వెలుగులో మగ్గాన్ని మొత్తంగా చూపుతుంది, రెండోది గుంటలో దించి పాదాలనూ తొక్కుడు కర్రలనూ దగ్గరగా చూపుతుంది. రెండూ 1080p, సెకనుకు 30 ఫ్రేములని సెట్టింగ్‌లో పెట్టినవే, ఒక్కొక్కటి పదకొండు నిమిషాలకు పైగా ఉంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పోతుందని డాక్యుమెంట్‌గా పంపించుకున్నాను.

మొదటి ఫోన్ వీడియోను మెయిన్ ట్రాక్‌లోనూ, పాదాల వీడియోను దానిపైన కుడి మూలలో ఓవర్‌లే పొరగానూ పెట్టాను. ఆరంభంలో కొట్టిన చప్పట్లు రెండింటిలోనూ ఒకే ఫ్రేముకు వచ్చేలా కలపడం తేలికగానే అయిపోయింది. ఒకటో నిమిషంలో తేడా లేదు. నాలుగో నిమిషంలో పాదం మూడు ఫ్రేములు ఆలస్యం, అంటే సెకనులో పదో వంతు. పదో నిమిషానికి అది ఎనిమిది ఫ్రేములయింది.

మొదట నా అనుమానం రెండు ఫోన్ల గడియారాల మీదికి పోయింది. రెండు పరికరాలు విడివిడిగా రికార్డు చేసినప్పుడు కొంత తేడా రావడం మామూలే. అయితే గడియారాలదే తప్పయితే శబ్దం కూడా అంతే జరగాలి. అందుకని రెండు క్లిప్పులలోనూ ఆడియోను ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఒకదాని కింద ఒకటి పెట్టి, టైమ్‌లైన్‌ను రెండు వేళ్ళతో పూర్తిగా సాగదీసి చూశాను. పలక కొట్టిన ప్రతిచోటా తరంగంలో సన్నని మొన లేస్తుంది. పదో నిమిషంలో కూడా ఆ మొనలు ఒకదాని కిందే మరొకటి ఉన్నాయి. శబ్దానికి శబ్దం సరిపోయింది, పాదాల బొమ్మ మాత్రం తన సొంత శబ్దం కంటే వెనకబడింది. ఇక వెతకవలసింది బొమ్మలోనే అని తేలింది.

అదే సాగదీసిన టైమ్‌లైన్‌లో ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ పోతే విషయం కంటికి కనిపించింది. క్లిప్ మొదట్లో, గుంటలో టార్చి వెలుగు ఉన్నంతసేపు, ప్రతి గీతకూ బొమ్మ మారుతోంది. టార్చి తీసేసిన తర్వాత మూడు నాలుగు గీతలకు ఒకసారి బొమ్మ కదలకుండా, ముందరి ఫ్రేమే మళ్ళీ వస్తోంది. గ్యాలరీలో వివరాలు తెరిస్తే మొదటి ఫోన్ క్లిప్పుకు 30 అనీ, రెండోదానికి 24.6 అనీ ఉంది. చీకటిలో ఒక్కో ఫ్రేముకు ఎక్కువ వెలుగు అందాలని చాలా ఫోన్లు తమంతట తామే ఫ్రేముల వేగాన్ని తగ్గిస్తాయి; సెట్టింగ్‌లో 30 అని రాసి ఉన్నా లోపల జరిగేది వేరు. అలా వేగం మారుతూ పోయిన క్లిప్పును 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో సర్దేటప్పుడే ఈ జాప్యం పేరుకుపోతోందని నా అంచనా.

సరిచేయడానికి చేసిన ప్రయత్నాలలో పనికిరానివే ఎక్కువ. ప్రాజెక్టు మొత్తాన్ని 24 ఫ్రేములకు ఎక్స్‌పోర్ట్ చేస్తే బాగున్న మొదటి క్లిప్పు కూడా కుదుపులతో వచ్చింది. 60 పెడితే ఉన్న ఫ్రేములే రెట్టింపయ్యాయి, ఫైలు బరువెక్కింది. పాదాల క్లిప్పును విడిగా కొత్త ప్రాజెక్టులో 30కి ఎక్స్‌పోర్ట్ చేసి తిరిగి తెచ్చుకుంటే, జాప్యం అందులో శాశ్వతంగా ముద్రపడి వచ్చింది. వేగం కొద్దిగా పెంచి సర్దుదామంటే ఎనిమిది ఫ్రేములు పది నిమిషాల మీద వెయ్యిలో అర వంతు కూడా కాదు, స్పీడ్ స్లైడర్ అంత సన్నగా కదలదు. కదిలినా లాభం లేదు, ఎందుకంటే జాప్యం అంతటా సమానంగా లేదు. వెలుగున్నచోట ఆగి, చీకటిలో పెరుగుతోంది.

చివరికి కుదిరిన పద్ధతి పాదాల పొరను పొడవుగా నడపకపోవడమే. పదేసి సెకన్ల ముక్కలు మాత్రమే ఉంచి, ప్రతి ముక్కనూ విడిగా కలిపాను. పది సెకన్లలో పేరుకునే జాప్యం ఒక ఫ్రేములో అయిదో వంతు కూడా ఉండదు. గుర్తుగా పెట్టుకున్నది పలక దెబ్బను కాదు, ఎందుకంటే గుంటలోని క్లిప్పులో పలక కనిపించదు. తొక్కుడు కర్ర పూర్తిగా కిందికి దిగిన ఫ్రేమునూ, పైన పడుగు పూర్తిగా విడిపోయిన ఫ్రేమునూ ఒకే గీత మీదికి తెచ్చాను. క్లిప్పు అంచును వేలితో లాగి కత్తిరిస్తే ఒకటి రెండు ఫ్రేములు జారిపోతాయి కనుక, తెర మధ్యలోని నిలువు గీతను ఆ ఫ్రేము మీద నిలిపి, స్ప్లిట్ కొట్టి, ఎడమ ముక్కను తీసేయడమే నమ్మకమైన దారి. మెయిన్ ట్రాక్ కత్తిరింపులన్నీ ముగిశాకే ఓవర్‌లేలు పేర్చాలన్నది ఇంకో నియమం, లేకపోతే కింద ఒక ముక్క తీసినప్పుడల్లా పై పొరలను మళ్ళీ సరిచూసుకోవాలి. పొరలన్నీ ఒక్క చూపులో కనిపించే విషయంలో నాకు ఇప్పటికీ కైన్‌మాస్టర్ యాపే నచ్చుతుంది. క్యాప్‌కట్‌లో ఓవర్‌లే మెనూ నుంచి బయటికి రాగానే అవి చిన్న బుడగలుగా ముడుచుకుపోతాయి. కత్తిరింపు సుఖం మాత్రం క్యాప్‌కట్‌దే.

పాదాల క్లిప్పు శబ్దాన్ని పూర్తిగా మ్యూట్ చేశాను. రంగులు, అక్షరాలు అనుకున్నట్టే వచ్చాయి.

ఎక్స్‌పోర్ట్‌లో 1080p, 30 ఉంచి, సెకనుకు ఎంత డేటా వాడాలో చెప్పే కోడ్ రేటు మాత్రం సిఫారసు చేసినదాని కంటే పైది ఎంచుకున్నాను. మామూలు ముఖాల వీడియోకు సిఫారసు రేటు చాలు. ఇక్కడ సన్నని పడుగు పోగులన్నీ ఒకేసారి పైకీ కిందికీ కదులుతాయి, జరీ అంచు మెరుస్తుంది. తక్కువ రేటులో ఆ పోగులు కలిసిపోయి బూడిద రంగు గళ్ళుగా తేలాయి. ఆరు నిమిషాల వీడియో సెకనుకు 16 మెగాబిట్ల చొప్పున 720 మెగాబైట్లు అవుతుంది, ఎక్స్‌పోర్ట్ తెర మీద ముందే చూపే అంచనా దాదాపు అంతే ఉంది. ఫుటేజీ 1080p అయినప్పుడు 4కే ఎంచుకున్నందువల్ల లేని పోగులు పుట్టవు కనుక దాని జోలికి పోలేదు.

కొత్త కూర్పు చూసి మామగారు కాలి సంగతి ఎత్తలేదు, అంచు రంగు ఫోన్‌లో ముదురుగా కనిపిస్తోందన్నారు. వచ్చే సెలవులో పాటూరు వెళ్ళినప్పుడు గుంటలో చిన్న ఎల్‌ఈడీ దీపం ఒకటి కట్టి, రెండో ఫోన్‌లో ప్రో మోడ్ తెరిచి షట్టర్‌ను 1/50 దగ్గర బిగించి తీయాలని ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ షట్టర్‌కు దీపం మినుకుమినుకుమనడం కూడా కనిపించదు. తీసిన వెంటనే గ్యాలరీలో వివరాలు తెరిచి, 30 లేకపోతే అక్కడికక్కడే దీపం ఇంకా దగ్గరికి జరిపి మళ్ళీ తీయవచ్చు. నేతకు ముందు జరిగే ఆసు పోయడం కూడా తీయాలి, అది వాకిట్లో ఎండలోనే జరుగుతుంది.