గానుగ బోర్డు మీద ఏం రాయాలి

బోర్డు రాసే అన్న బ్రష్ పట్టుకుని నిలబడున్నాడు, మా వీధి గానుగ అక్క ఇచ్చిన కాగితంలో మాత్రం "నాణ్యతే మా ధ్యేయం, నమ్మకమే మా విలువ" అని ఉంది. చిత్తూరులో ఏ షాపుకైనా సరిపోయే మాట అది! అందుకే షాపు మిషన్, విజన్, వాల్యూస్, ట్యాగ్‌లైన్ విడివిడిగా రాద్దామని కూర్చున్నాం.

అక్కా, పొద్దున్నుంచి ఏం చేస్తావో చెప్పు అన్నా. "చెనిక్కాయలు కొని, చెక్క గానుగలో ఆడించి, మన వీధోళ్లకి నూనె అమ్ముతా". షాపు మిషన్ అంటే ఇదే, ఇప్పుడు ఏం చేస్తున్నాం, ఎవరికి అనేది. విజన్ ఇంకా జరగనిది, ఐదేళ్లలో చుట్టుపక్కల రైతుల కాయ నేరుగా కొనాలని అక్క కోరిక, అదే రాశాం.

వాల్యూస్ దగ్గరే చాలాసేపు కూర్చున్నాం. నష్టం వచ్చినా వదలని మాటే వాల్యూ అని నా అభిప్రాయం, అందుకే "దేనికి డబ్బు పోయినా పర్లేదంటావ్?" అని అడిగా. బూజు గింజలు ఏరి పారేస్తుందంట, అందులో విషం ఉండొచ్చు కాబట్టి, తూకం తగ్గినా సరే. పామాయిల్ కలిపితే రేటు తగ్గించొచ్చు, అయినా కలపదు. "బూజు గింజ ఆడించం, వేరే నూనె కలపం", అంతే. రేపు పనికి కొత్త పిల్లోడొచ్చినా, ఏం చెయ్యకూడదో చదివితే తెలిసిపోద్ది.

ఈ మూడూ లోపల గోడకి, బోర్డు మీదికి ట్యాగ్‌లైన్ ఒక్కటే. అది కొనేవాళ్లకి, బండి మీద పోతూ చదివేయాలి కదా.

"మీ కళ్ల ముందే ఆడించిన చెనిక్కాయ నూనె" అని రాయించాం.