760 రాసినవాళ్లు, 715 రాసినవాళ్లు

మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నీటి బాష్పపీడనం, అంటే నీటి ఆవిరి కలిగించే పీడనం, కొలవడానికి ప్రత్యేకమైన పరికరమేదీ ఉండేది కాదు. వాక్యూమ్ పంపు, మానోమీటరు ఉన్న సెట్టు పీజీ వాళ్లది, మమ్మల్ని దాని దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లు కాదు. మాకు ఇచ్చింది ఒక పొడుగాటి బీకరు, పది మిల్లీలీటర్ల కొలజాడీ, థర్మామీటరు, బర్నరు, అటెండరు బయటి నుంచి తెచ్చిన ఐసు. నిజానికి అదే మంచిదైంది. లోపల జరిగేదంతా కళ్లకు కనిపించేది.

కొలజాడీకి కింద ఉండే ప్లాస్టిక్ దిమ్మ ఊడదీసి, సగానికి కాస్త పైగా నీళ్లు పోసి, మూతికి వేలు అడ్డం పెట్టి, బీకరులోని నీళ్లలో పూర్తిగా మునిగేలా తలకిందులుగా నిలబెట్టాలి. పైన కొంచెం గాలి చిక్కుకుంటుంది. ఆ గాలే మన పరికరం. వేడి చేస్తే గాలి వ్యాకోచిస్తుంది, దానికి తోడు నీటి ఆవిరి కూడా అందులో చేరుతుంది, లోపలి నీటిమట్టం దిగుతుంది. 75 డిగ్రీల దాకా తీసుకెళ్లి బర్నరు ఆపేసి, చల్లారుతుండగా రీడింగులు తీసుకోవాలి. చివర్లో ఐసు వేసి 4 డిగ్రీలకు దించి ఇంకొక రీడింగు. ముందే మరిగించి చల్లార్చిన నీళ్లు వాడమనేవారు మేడమ్. పచ్చి నీళ్లయితే వేడెక్కేకొద్దీ అందులో కరిగిన గాలి బుడగలై పైకి వచ్చి, కొలజాడీలోని గాలిలో కలిసిపోతుంది. గాలి మొత్తం మారకూడదన్నదే ఈ ప్రయోగానికి ఆధారం కదా.

లెక్క చాలా సులువు. లోపలి గాలి పీడనం, ఆవిరి పీడనం కలిపితే బయటి వాతావరణ పీడనానికి సమానం. 4 డిగ్రీల దగ్గర ఆవిరి దాదాపు లేదనుకుంటే, అక్కడి ఘనపరిమాణం నుంచి గాలి ఎంత ఉందో తెలుస్తుంది. ఆ గాలే ఇంకో ఉష్ణోగ్రతలో, ఇంకో ఘనపరిమాణంలో ఎంత పీడనం చూపిస్తుందో లెక్కకట్టి, వాతావరణ పీడనంలోంచి తీసేస్తే మిగిలింది నీటి ఆవిరిది. తర్వాత క్లాసియస్–క్లాపెరాన్ సమీకరణం: ఒక అక్షం మీద log P, ఇంకో అక్షం మీద 1/T, సరళరేఖ. దాని స్లోపు మైనస్‌లో వస్తుంది, ఆ గుర్తు తీసేసి 2.303తో, 8.314తో గుణిస్తే బాష్పీభవన ఎంథాల్పీ, అంటే ఒక మోలు నీటిని ఆవిరి చేయడానికి కావలసిన వేడి.

గొడవంతా ఆ ‘వాతావరణ పీడనం’ దగ్గరే వచ్చింది. క్లాసులో సగం మంది ఏమీ ఆలోచించకుండా 760 మిల్లీమీటర్ల పాదరసం అని రాశారు. పుస్తకంలో అదే ఉంటుంది మరి. మిగతావాళ్లం ఫిజిక్స్ ల్యాబ్‌కి వెళ్లి గోడకున్న ఫార్టిన్ బారోమీటరు చూసి వచ్చాం. 715 మిల్లీమీటర్లు. హైదరాబాదు సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉంది, ఇక్కడ 760 ఎప్పుడూ రాదు.

మరుసటి వారం మేడమ్ ఒక బ్యాచ్ రీడింగులు బోర్డు మీద వేశారు. నా రికార్డు పుస్తకం ఇంకా ఉంది, అందులోంచే ఈ అంకెలు రాస్తున్నాను. 4 డిగ్రీల దగ్గర 4.0 మిల్లీలీటర్లు, 50 దగ్గర 5.3, 60 దగ్గర 6.0, 70 దగ్గర 7.3, 75 దగ్గర 8.4. ముందు 760తో లెక్కకట్టించారు. 50 డిగ్రీల దగ్గర నీటి బాష్పపీడనం 91 వచ్చింది. టేబుల్లో ఉన్నది 92.5. 760 వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. తర్వాత 715తో చేస్తే 86 మాత్రమే వచ్చింది. బారోమీటరు చూసొచ్చినందుకు మాకు దక్కిన బహుమానం అదీ.

“తొందరపడకండి, స్లోపు తీయండి” అన్నారు మేడమ్. తీస్తే ఇద్దరికీ ఒకటే! మోలుకు 45.2 కిలోజౌళ్లు. దశాంశం కూడా తేడా లేదు.

ఎందుకో ఆవిడ చెప్పలేదు, మాచేతే చెప్పించారు. వాతావరణ పీడనం లెక్కలో రెండు చోట్ల వస్తుంది: గాలి ఎంతుందో కట్టేటప్పుడు ఒకసారి, చివర్లో తీసివేసేటప్పుడు ఒకసారి. అందుకని దాన్ని ఆరు శాతం పెంచి రాస్తే ప్రతి బాష్పపీడనమూ కచ్చితంగా ఆరు శాతం పెరుగుతుంది. లాగ్ తీసుకున్నాక అది ప్రతి బిందువుకీ ఒకే సంఖ్య కలిపినట్టు. గీత మొత్తం పైకి జరుగుతుంది, వాలు మాత్రం మారదు. ఎంథాల్పీకి ఏమీ కాదు, బాష్పపీడనాలే తప్పు. 75 డిగ్రీల దగ్గర 760 వాళ్లకు 305 వచ్చింది, టేబుల్లో 289. అక్కడ మాది 287. ఒక్క 50 డిగ్రీల బిందువే చూసి సరిపోయిందనుకుంటే అంతే సంగతులు.

మరి 50 దగ్గర మాకెందుకు తగ్గింది? 45.2 కూడా ఎక్కువే కదా? ఈ రెండింటి వెనకా ఉన్నది ఒకటే కారణం. 4 డిగ్రీల దగ్గర ఆవిరి లేదనుకున్నాం, కానీ అక్కడ కూడా 6 మిల్లీమీటర్లు ఉంటుంది. 715లో 6 ఏపాటి, ఒక్క శాతం కూడా కాదు అనిపిస్తుంది. కానీ గాలిని ఆ ఒక్క శాతం ఎక్కువ లెక్కపెడితే, 50 డిగ్రీల దగ్గర గాలి పీడనం 624కి బదులు 629 అవుతుంది. మనకు కావలసింది మిగిలిన కొంచెమే. అయిదు మిల్లీమీటర్లు 91లోంచి పోతే అది అయిదారు శాతం. 75 దగ్గర గాలి వాటా తక్కువ, ఆవిరిది ఎక్కువ కాబట్టి అక్కడ నష్టం ఒక శాతమే. అంటే చల్లటి బిందువులు ఎక్కువ కిందికి, వేడి బిందువులు తక్కువ కిందికి జారతాయి. గీత నిటారు అవుతుంది, ఎంథాల్పీ పెరుగుతుంది. ఈ తప్పు 760 లాంటిది కాదు, ఇది నేరుగా వాలునే పట్టుకుంటుంది. ఆ 6 తీసేసి మళ్లీ కడితే 50 దగ్గర 91, 75 దగ్గర 291 వచ్చాయి, ఎంథాల్పీ 43.5కి దిగింది.

కొలజాడీ తలకిందులుగా ఉంది కాబట్టి నీటి వంపు, అదే మెనిస్కస్, కూడా తిరగబడి, రీడింగు సుమారు 0.2 మిల్లీలీటర్లు ఎక్కువ చూపిస్తుంది. పైన రాసినవి అది తీసేశాక వచ్చినవే. దాన్ని వదిలేసినా దెబ్బ వాలుకే తగులుతుంది, మళ్లీ 45 దగ్గరికి వెళ్తుంది. మా క్లాసులో దీని మీద ఒక్కరూ గొడవపడలేదు. గొడవంతా ఎంథాల్పీని ఏమీ చేయలేని 760 మీదే.

ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సారు నా 43.5 చూసి, “పుస్తకంలో 40.7 ఉంది కదమ్మా, ఇంత ఎక్కువొచ్చిందేం?” అని అడిగారు. 40.7 అనేది 100 డిగ్రీల దగ్గర విలువ సార్, 25 దగ్గరైతే 44 ఉంటుంది, నేను 50కీ 75కీ మధ్య కొలిచాను, అక్కడ 42.5 దాకా ఉండాలి అన్నాను. నా గ్రాఫ్ తనవైపు తిప్పుకుని కాసేపు చూశారు. తర్వాత మెనిస్కస్ గురించి అడిగారు.